పద్దెనిమిది లక్షల చెల్లింపుపై ఆడిటర్‌కు వివరణ: ఉత్తరాన్ని తిరగరాయడం, పత్రాలను వరుసలో పెట్టడం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి కాబట్టి చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీలకు పని బాగా తగ్గిపోతుంది. మిగతా పది నెలలు ఆపడానికి వీలులేని యంత్రాలను విప్పి చూసుకునేది, పాతవాటిని మార్చుకునేది ఆ రెండు నెలల్లోనే. అందుకే ఇక్కడి ఐస్ ఫ్యాక్టరీల పద్దుల్లో అమ్మకాలు అతి తక్కువగా ఉన్న నెలలోనే చెల్లింపు అతి పెద్దదిగా కనబడుతుంది. హార్బర్ సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు. కానీ లెడ్జర్ తెరిచి చూసే ఆడిటర్‌కు మే నెలలో ఆదాయం పడిపోయి ఉండటం, అదే నెలలో ఎన్నడూ వినని సరఫరాదారుకు పద్దెనిమిది లక్షలు వెళ్లడం ఒకేసారి కంటపడతాయి. ఆయన అడగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అలా వచ్చిన ఒక ప్రశ్నకు రాసిన జవాబును ఎలా తిరగరాశామో ఈ మార్గదర్శిలో మొదటి నుంచి చివరి వరకు చూపిస్తాను. నేను అకౌంటెంట్‌గా లెక్కలు చూసే ఈ కంపెనీ ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ ఐస్ ఫ్యాక్టరీ. గుర్తుపట్టే వివరాలు తీసివేసి, అంకెలను మార్చి ఇస్తున్నాను. మన దగ్గర ఆడిటర్లకు ఉత్తరాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళతాయన్నది తెలిసిందే. ఏ భాషలో రాసినా వాక్యాల క్రమం, పత్రాల క్రమం మాత్రం మారవు.

ప్రశ్న, మొదట రాసిన జవాబు

2024-25 ఆర్థిక సంవత్సరపు ఆడిట్ సమయంలో ఆడిటర్ పంపిన ప్రశ్నల జాబితాలో ఏడవది ఇలా ఉంది: "28-05-2024న ఒక సరఫరాదారుకు రూ. 18,14,000 చెల్లించారు. ఈ సరఫరాదారుతో గత సంవత్సరాల్లో లావాదేవీలు లేవు. ఆ నెలలోని మిగతా చెల్లింపులేవీ మూడు లక్షలు దాటలేదు. చెల్లింపు స్వభావం, అవసరం, ఆమోదం, ఆధారాలు తెలియజేయగలరు."

దానికి హడావుడిలో నేను రాసిన మొదటి జవాబు ఇది:

"సార్, నమస్కారం. మీరు అడిగిన పేమెంట్ వేట నిషేధం సమయంలో ఫ్యాక్టరీ రిపేర్ల కోసం చేసినది. అంతా జెన్యూన్. ఎండీ గారు అప్రూవ్ చేశారు. బిల్లులన్నీ అటాచ్ చేశాను. దయచేసి ఈ పాయింట్ క్లియర్ చేయగలరు."

దానితోపాటు పద్నాలుగు ఫైళ్లు పంపాను. వాటిలో సగం ఫోన్‌తో తీసిన ఫోటోలు, మిగతావి స్కానర్ తనకు తోచిన పేరు పెట్టిన పీడీఎఫ్‌లు. మర్నాడే ఆడిటర్ కార్యాలయం నుంచి ఒక్క వాక్యం వచ్చింది: "జతచేసిన ఏ బిల్లులోనూ రూ. 18,14,000 కనబడలేదు."

నిజమే, ఏ బిల్లులోనూ ఆ అంకె లేదు. ఆ ఉత్తరంలో అబద్ధమన్నది లేకపోయినా, చదివినవాడు స్వయంగా సరిచూసుకోగలిగిన మాట కూడా ఒక్కటీ లేదు.

మొదటి పని: అంకెకు దారి వేయడం

ఉత్తరాన్ని తిరగరాయడం మాటలతో మొదలుకాదు, లెక్కతో మొదలవుతుంది. బ్యాంకు నుంచి వెళ్లిన మొత్తం సాధారణంగా ఒక బిల్లు మొత్తానికి సరిపోదు. అడ్వాన్స్ తీసేస్తాం, టీడీఎస్ కోస్తాం, రెండు బిల్లులు కలిపి ఒకేసారి పంపుతాం. అలా కలిపి తీసివేసినది మన తలలో ఉంటుంది తప్ప ఏ కాగితం మీదా ఉండదు. ఆడిటర్‌కు మొట్టమొదట కావలసింది ఆ కాగితమే.

మా సందర్భంలో పాత అమ్మోనియా కంప్రెసర్‌ను తీసివేసి కొత్తది పెట్టాం. హైదరాబాద్‌లోని ఒక డీలరు కంపెనీ దానిని సరఫరా చేసింది, పాతది విప్పి కొత్తది బిగించే పనిని వేరే ఆర్డరు కింద అదే కంపెనీ చేసింది. లెక్క ఇలా నడిచింది:

సరఫరా ఇన్వాయిస్: 18,00,000 + ఐజీఎస్టీ 18 శాతం 3,24,000 = 21,24,000
బిగింపు బిల్లు: 2,50,000 + ఐజీఎస్టీ 18 శాతం 45,000 = 2,95,000
రెండూ కలిపి: 24,19,000
తీసివేయగా, 24-04-2024న ఇచ్చిన అడ్వాన్స్: 6,00,000
తీసివేయగా, బిగింపు పనిపై టీడీఎస్ 2 శాతం: 5,000
28-05-2024న చెల్లించినది: 18,14,000

ఈ ఆరు వరుసలు ముందే పంపి ఉంటే ఆ రెండో ప్రశ్న వచ్చేదే కాదు. ఇందులో చూసుకోవలసిన చిన్న సంగతి ఒకటి ఉంది. టీడీఎస్‌ను 2,95,000 మీద కాకుండా 2,50,000 మీద లెక్కకట్టాం, ఎందుకంటే బిల్లులో జీఎస్టీని విడిగా చూపినప్పుడు పన్ను కోత జీఎస్టీ లేని మొత్తం మీదనే జరగాలని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017లోనే సర్క్యులర్ ద్వారా చెప్పింది. ఆడిటర్‌కు ఈ విషయం మనం నేర్పనక్కరలేదు. కానీ లెక్కపత్రంలో "జీఎస్టీ కాకుండా 2,50,000 మీద" అన్న నాలుగు మాటలు ఉంటే ఆయన సహాయకుడు 5,900 ఎందుకు కాలేదని ఆగిపోడు.

లెక్కపత్రం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సరఫరాదారు లెడ్జర్ తీసి, ఈ చెల్లింపు తరువాత నిలువ సున్నా అయిందా లేదా చూడాలి. సున్నా కాకపోతే లెక్కలో ఏదో ఒక వరుస తప్పిపోయింది: ఒక డెబిట్ నోట్ కావచ్చు, లారీ కిరాయి కావచ్చు, పనితీరు చూశాక ఇస్తామని ఆపిన సొమ్ము కావచ్చు. ఆ తేడా దొరికేదాకా ఉత్తరం రాయడం మొదలుపెట్టకూడదు. అడ్వాన్స్ మార్చి నెలలో ఇచ్చి, బిల్లు మేలో వచ్చిన సందర్భమైతే అడ్వాన్స్ గత సంవత్సరపు పద్దుల్లో ఉంటుంది. అప్పుడు లెక్కపత్రంలో ఆ వరుస పక్కన "ప్రారంభ నిలువలో ఉన్నది" అని రాసి, గత సంవత్సరపు లెడ్జర్ పేజీని కూడా జతచేయాలి.

రెండవ పని: "రిపేరు" అన్న మాటను పట్టుకోవడం

నా మొదటి ఉత్తరంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "జెన్యూన్" కాదు, "రిపేర్లు". హార్బర్ దగ్గర నిషేధ కాలంలో చేసే పనులన్నిటినీ, బోటుకు రంగు వేయడం నుంచి ఇంజను మార్చడం దాకా, రిపేర్లనే అంటారు. మాటల్లో అది చెల్లుతుంది. పద్దుల్లో మాత్రం ఆ మాటకు ఖచ్చితమైన అర్థం ఉంది: రిపేరు ఆ సంవత్సరపు ఖర్చు, లాభంలోంచి పూర్తిగా పోతుంది, కొత్త యంత్రం ఆస్తి, దాని ఖరీదు తరుగుదల రూపంలో కొన్ని సంవత్సరాల మీద పడుతుంది. మేము పద్దుల్లో కంప్రెసర్ ఖరీదు 18,00,000, బిగింపు 2,50,000 కలిపి 20,50,000ను యంత్రాల ఖాతాలో ఆస్తిగా చూపాం. యంత్రాన్ని పనికి సిద్ధంచేయడానికి నేరుగా అయిన బిగింపు ఖర్చు ఆస్తి ఖరీదులో కలవాలన్నది అకౌంటింగ్ స్టాండర్డ్ 10 నియమం. మిగిలిన 3,69,000 జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకున్నాం, కాబట్టి దానిని ఆస్తి ఖరీదులో కలపలేదు.

పద్దులు ఆస్తి అంటున్నాయి, నా ఉత్తరం రిపేరు అంటోంది. ఇటువంటి వైరుధ్యం కనబడగానే ఆడిటర్‌కు రెండు అనుమానాలు కలగడం సహజం. ఖర్చును ఆస్తిగా చూపి లాభాన్ని పెంచుకున్నారా అన్నది మొదటిది. ఉత్తరం రాసినవాడికి అసలు ఏమి కొన్నారో తెలుసా అన్నది రెండవది. రెండింటికీ కారణం ఒక్క మాట.

అందువల్ల రాయడానికి ముందు లెడ్జర్‌లో ఆ మొత్తం ఏ ఖాతాలోకి వెళ్లిందో చూసి, ఉత్తరంలోనూ అదే మాట వాడాలి. పద్దులోనే తప్పు ఉంటే, అంటే ఆస్తిని రిపేర్ల ఖాతాలో రాసి ఉంటే, ఆ సంగతిని ఉత్తరంలో చెప్పి సవరణ ఎంట్రీని ప్రతిపాదించాలి. ఉత్తరంలోని మాటలను తప్పు పద్దుకు సరిపోయేలా వంచకూడదు. కొత్త యంత్రమని రాసిన వెంటనే పాతది ఏమైందన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. పాత కంప్రెసర్ ఇంకా యార్డులోనే ఉంటే అలాగే రాయాలి, స్థిరాస్తుల రిజిస్టర్‌లో దానిని వాడుక నుంచి తొలగించినట్టు నమోదైందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. మా రిజిస్టర్‌లో నమోదు కాలేదు. ఉత్తరం తిరగరాయకపోతే ఆ లోపం మాకు కనబడేది కాదేమో.

మూడవ పని: బలహీనమైన చోటును మనమే చెప్పడం

ప్రతి పెద్ద చెల్లింపు ఫైలులోనూ ఎక్కడో ఒకచోట కాగితం వరుస తప్పి ఉంటుంది. మా ఫైలులో అది యాభై వేల రూపాయల దగ్గర ఉంది. 12-04-2024 నాటి బోర్డు తీర్మానం సరఫరాకు, బిగింపుకు కలిపి జీఎస్టీ కాకుండా 20,00,000కు అనుమతి ఇచ్చింది. 18-04-2024 నాటి ఆర్డర్లు కూడా సరిగ్గా అంతే: 17,50,000, 2,50,000. తరువాత 6-05-2024న డీలరు ఫోన్ చేసి, ఎంచుకున్న మోటారు ఈ కంప్రెసర్‌కు చాలదని, పెద్దది వేయాలంటే యాభై వేలు ఎక్కువవుతుందని చెబితే ఎండీ ఫోన్‌లోనే సరేనన్నారు. ఇన్వాయిస్ 14-05-2024న 18,00,000కు వచ్చింది. ఎండీ ఈమెయిల్ ద్వారా అంగీకారం తెలిపింది 18-05-2024న. అంటే కాగితం మీద చూస్తే బిల్లు వచ్చిన నాలుగు రోజులకు అనుమతి వచ్చింది. బోర్డు 29-06-2024 సమావేశంలో ఆ అదనపు మొత్తాన్ని ఆమోదించింది.

మొదటి ఉత్తరంలో ఈ ఊసే ఎత్తలేదు. ఆర్డరును, ఇన్వాయిస్‌ను పక్కపక్కన పెట్టగానే యాభై వేల తేడా ఆడిటర్‌కు కనబడుతుంది. ఆయన కనిపెట్టిన తేడాకు మనం తరువాత ఇచ్చే వివరణ, అది ఎంత నిజమైనా, సాకులా వినిపిస్తుంది. అదే తేడాను మనమే తేదీలతో సహా రాస్తే, అనుమతి పద్ధతిలోని చిన్న లోపంగా అది ఆయన నోట్సులో చేరి అక్కడితో ఆగుతుంది.

ఇక్కడ కొందరికి ఒక ఆలోచన వస్తుంది: 6-05-2024 తేదీతో సవరించిన ఆర్డరు ఒకటి ఇప్పుడు తయారుచేసి పెడితే ఫైలు నిండుగా ఉంటుంది కదా అని. అది చేయకూడదు. జరిగిన సంగతికే కాగితం తయారుచేస్తున్నామని మనం అనుకున్నా, వెనుక తేదీ వేసిన క్షణంలో అది కల్పిత పత్రం అవుతుంది. పీడీఎఫ్ ఫైలు తాను తయారైన తేదీని తనలోనే దాచుకుంటుంది, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ జాడ ఉండాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు అమలులో ఉంది. ఆ ఒక్క కాగితం దొరికితే మిగతా పది కాగితాల మీద కూడా నమ్మకం పోతుంది. పాత సంగతిని ఇప్పుడు ధ్రువీకరించక తప్పకపోతే, డీలరు నుంచి నేటి తేదీతోనే ఒక లేఖ తీసుకుని, "6-05-2024న ఫోన్‌లో మాట్లాడుకున్నది" అని అందులో రాయించుకోవచ్చు.

నాలుగవ పని: పత్రాల వరుస

ఏ పత్రాన్ని ముందు పెట్టాలన్న దానిపై రెండు పద్ధతులున్నాయి. జరిగిన క్రమంలో, కొటేషన్ నుంచి చెల్లింపు దాకా పెట్టడం ఒకటి. ఆడిటర్ చూసే క్రమంలో, బ్యాంకు ఎంట్రీ నుంచి వెనక్కు పెట్టడం మరొకటి. మొదటిది కథగా బాగుంటుంది కానీ, 18,14,000 కోసం చూస్తున్న మనిషి చివరిదాకా తిప్పాలి. రెండవ దానిలో అంకె వెంటనే దొరికినా అవసరం, అనుమతి చివర తేలతాయి. నేను రెంటినీ కలుపుతాను. లెక్కపత్రం, బ్యాంకు పేజీ ముందు పెట్టి, ఆ తరువాత మిగతావన్నీ తేదీల వరుసలో పెడతాను. అప్పుడు ఆడిటర్ మొదటి రెండు కాగితాలతో మొత్తం ఎంతో తేల్చుకుని, మిగతావాటితో అది ఎలా వచ్చిందో చూస్తారు.

ఏది పెట్టాలన్నదానికి కొలత ఒకటే: లెక్కపత్రంలోని ప్రతి అంకెకూ, ఉత్తరంలోని ప్రతి తేదీకీ ఒక పత్రం ఉండాలి, ఏ పత్రమూ ఈ రెండింటికీ సంబంధం లేకుండా ఉండకూడదు. పద్నాలుగు ఫైళ్లలో మూడింటిని ఈ కొలతతోనే తీసివేశాం. వాటిలో ఒకటి డీలరు రంగురంగుల బ్రోచర్.

బయటివారు ఇచ్చిన పత్రానికి మనం తయారుచేసుకున్న పత్రం కన్నా బలం ఎక్కువని ఆడిటింగ్ స్టాండర్డ్ 500 చెబుతుంది. అందువల్ల సరుకు వచ్చిందనడానికి మన ఇన్‌వార్డ్ రిజిస్టర్ ఒక్కటే పెట్టకుండా ఈ-వే బిల్లును, లారీ రశీదును దాని పక్కనే పెట్టాలి. రెండింటిలోనూ లారీ నంబరు ఒకటేనా, తేదీలు హైదరాబాద్ నుంచి విశాఖకు సరుకు రావడానికి పట్టే సమయానికి సరిపోతాయా అన్నది మనమే ముందు చూసుకోవాలి. మాకు ఇన్వాయిస్ 14న, లారీ చేరింది 16న. అదే తేదీన చేరిందని రిజిస్టర్‌లో ఉంటే తప్పక ప్రశ్న వచ్చేది.

కంప్రెసర్ మీద ఉండే పేరుపలక ఫోటో పెట్టడం చాలామంది మరిచిపోయే పని. పలక మీది సీరియల్ నంబరు, ఇన్వాయిస్‌లోని సీరియల్ నంబరు ఒకటే అయితే కొన్న యంత్రమూ బిగించిన యంత్రమూ ఒకటేనని తేలుతుంది. ఆడిటర్ మనిషి ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు ఆ పలకను స్వయంగా చూసుకోవచ్చు. మా ఇన్వాయిస్‌లో సీరియల్ నంబరు వేయలేదు, లారీ రశీదులోనూ లేదు. డీలరు ఇచ్చిన వారంటీ కార్డులో దొరికింది. అందుకే వారంటీ కార్డు కూడా వరుసలో చేరింది.

ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు వరుస సంఖ్య ముందు, పత్రం పేరు తరువాత, తేదీ చివర ఉండాలి. పదికి మించితే 1 అని కాక 01 అని మొదలుపెట్టాలి, లేకపోతే కంప్యూటర్ 10వ ఫైలును 2వ ఫైలు కన్నా ముందు చూపించవచ్చు.

```
01_Calculation.pdf
02_Bank_24-04_28-05-2024.pdf
06_Supply_Invoice_14-05-2024.pdf
```

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రెండు చెల్లింపుల వరుసలకూ పసుపు గీత పెట్టవచ్చు, మిగతా వరుసలను మాత్రం నల్లగా కొట్టివేయకూడదు. దాచిన వరుసలున్న స్టేట్‌మెంట్‌ను ఏ ఆడిటరూ ఆధారంగా తీసుకోరు.

ఐదవ పని: ఉత్తరం

ఇప్పుడు రాయడం తేలిక. మొదటి వాక్యంలోనే చెల్లింపు దేనికో, ఖాతా ఏదో చెప్పాలి. తరువాత లెక్క, ఆ తరువాత ఆ నెలలోనే ఎందుకన్నది, అనుమతి, లోపం, సంబంధం లేదన్న ప్రకటన, చివర పత్రాల జాబితా రావాలి. ఆడిటర్ పంపిన మెయిల్‌కే జవాబుగా పంపాలి, కొత్త మెయిల్ మొదలుపెట్టకూడదు. తిరగరాసిన ఉత్తరం ఇది:

"విషయం: ప్రశ్న 7 – 28-05-2024 నాటి చెల్లింపు రూ. 18,14,000 – వివరణ

ఆర్యా,

ఈ చెల్లింపు ఫ్యాక్టరీలోని పాత అమ్మోనియా కంప్రెసర్ స్థానంలో కొత్తది కొని బిగించినందుకు ఇవ్వవలసిన మొత్తంలో ఆఖరి భాగం. దీనిని యంత్రాల ఖాతాలో ఆస్తిగా నమోదు చేశాము. గత మెయిల్‌లో రిపేర్లని రాయడం పొరపాటు, దానిని ఉపసంహరించుకుంటున్నాము.

సరఫరా, బిగింపు బిల్లుల మొత్తం రూ. 24,19,000. ఇందులోంచి 24-04-2024న ఇచ్చిన అడ్వాన్స్ రూ. 6,00,000, బిగింపు పనిపై టీడీఎస్ రూ. 5,000 తీసివేయగా రూ. 18,14,000ను 28-05-2024న ఆర్టీజీఎస్ ద్వారా చెల్లించాము. లెక్క పత్రం 1లో, రెండు చెల్లింపుల యూటీఆర్ నంబర్లు పత్రం 2లో ఉన్నాయి. సరఫరాదారు ఖాతాలో ఇక నిలువ లేదు.

కంప్రెసర్ మార్చడానికి ఉత్పత్తిని నిలిపివేయవలసి ఉన్నందున, 2024 ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉన్న వేట నిషేధ కాలాన్ని ఇందుకు ఎంచుకున్నాము. పాత కంప్రెసర్ 31-03-2025 నాటికి ఫ్యాక్టరీ యార్డులోనే ఉంది, దానిని అమ్మలేదు. స్థిరాస్తుల రిజిస్టర్‌లో దానిని వాడుక నుంచి తొలగించినట్టు నమోదు కాలేదు. సవరణ ఎంట్రీని విడిగా పంపుతున్నాము.

బోర్డు 12-04-2024న జీఎస్టీ కాకుండా రూ. 20,00,000కు అనుమతి ఇచ్చింది. మోటారు సామర్థ్యం పెంచినందువల్ల ఖరీదు రూ. 50,000 పెరిగింది. మేనేజింగ్ డైరెక్టర్ 6-05-2024న ఫోన్‌లో అంగీకరించారు, కానీ లిఖితపూర్వక అంగీకారం ఇన్వాయిస్ తరువాత, 18-05-2024న వెలువడింది. బోర్డు 29-06-2024న దీనిని ఆమోదించింది. సవరించిన పర్చేజ్ ఆర్డరు జారీ చేయలేదు.

సరఫరాదారు కంపెనీలో మా డైరెక్టర్లకు గానీ వారి బంధువులకు గానీ వాటా, పదవి లేవని డైరెక్టర్లు తెలియజేశారు.

జతచేసిన పత్రాలు, వరుసలో:
1. చెల్లింపు లెక్కపత్రం
2. బ్యాంకు స్టేట్‌మెంట్, 24-04-2024, 28-05-2024 పేజీలు
3. మూడు కొటేషన్లు, పోలిక పట్టిక
4. బోర్డు తీర్మానాలు, 12-04-2024, 29-06-2024
5. పర్చేజ్ ఆర్డరు, పని ఆర్డరు, 18-04-2024
6. సరఫరా ఇన్వాయిస్, 14-05-2024, ఈ-వే బిల్లు, లారీ రశీదు
7. ఇన్‌వార్డ్ రిజిస్టర్ పేజీ, 16-05-2024
8. అదనపు మొత్తంపై ఈమెయిల్, 18-05-2024
9. బిగింపు బిల్లు, 23-05-2024, ట్రయల్ రన్ నివేదిక, 25-05-2024
10. వారంటీ కార్డు, కంప్రెసర్ పేరుపలక ఫోటో
11. టీడీఎస్ చలానా, జీఎస్టీఆర్-2బి లో రెండు బిల్లులున్న పేజీ
12. సరఫరాదారు లెడ్జర్, స్థిరాస్తుల రిజిస్టర్ పేజీ

ఇన్వాయిస్ అసలు ప్రతి, రిజిస్టర్లు ఫ్యాక్టరీ కార్యాలయంలో ఉన్నాయి, చూడగోరితే చూపిస్తాము."

ఈ ఉత్తరంలో "దయచేసి క్లియర్ చేయగలరు" అన్న మాట లేదు. ప్రశ్నను ముగించాలో లేదో ఆడిటర్ నిర్ణయం, దానిని మనం అడుక్కోవడం వల్ల ఆయనకు ఇబ్బంది, మనకు లాభం లేదు. "అంతా జెన్యూన్" అన్నది కూడా అటువంటిదే. యాజమాన్యం చెప్పిన మాట అవసరమే గానీ, అది మిగతా ఆధారాలకు బదులు కాదని ఆడిటింగ్ స్టాండర్డ్ 580 స్పష్టంగా చెబుతుంది. సంబంధం లేదన్న వాక్యాన్ని కూడా నా అంతట నేను రాయలేదు. డైరెక్టర్లను అడిగి, వారు ఏటా ఇచ్చే ప్రకటనతో సరిచూసి రాశాను. అకౌంటెంట్‌కు తెలియని విషయాన్ని అకౌంటెంట్ సంతకంతో చెప్పకూడదు, అందుకే అక్కడ "డైరెక్టర్లు తెలియజేశారు" అని ఉంది.

పంపేముందు

ఉత్తరాన్ని, ఫైళ్లను ఈ వ్యవహారం తెలియని ఒకరి చేతికి ఇవ్వాలి. మేము గోదాము లెక్కలు చూసే అమ్మాయికి ఇచ్చి, నోటితో ఏమీ చెప్పకుండా, 18,14,000 ఎలా వచ్చిందో కాగితాలు చూసి చెప్పమన్నాం. ఆమె లెక్క తేలికగానే చెప్పింది, కానీ జీఎస్టీఆర్-2బి పేజీలో బిగింపు బిల్లు కనబడటం లేదంది. చూస్తే, డీలరు ఆ బిల్లును మే నెల రిటర్న్‌లో కాక జూన్ నెల రిటర్న్‌లో చూపించారు. మేము మే పేజీ ఒక్కటే పెట్టాం. మా క్రెడిట్ కూడా జూన్‌లోనే తీసుకున్నామని తేలాక, పత్రం 11లో జూన్ పేజీని కూడా చేర్చి, జాబితాలో "మే, జూన్ 2024" అని దిద్దాం.

ఏదైనా పత్రం నిజంగానే దొరకకపోతే వరుసలో దాని స్థానాన్ని ఖాళీగా వదలకూడదు, సంఖ్యను జరపకూడదు. ఆ సంఖ్య ఎదుట "దొరకలేదు" అని రాసి, దానికి బదులు ఏమి పెట్టామో చెప్పాలి. లారీ రశీదు పోతే రవాణా కంపెనీ నుంచి నకలు తీసుకుని "నకలు" అని రాసి పెట్టవచ్చు.

పంపిన తరువాత ఆడిటర్ నుంచి వచ్చినది మరో ఒక్క ప్రశ్న: ట్రయల్ రన్ మే 25న జరిగితే, యంత్రాన్ని ఏ తేదీ నుంచి వాడుకలో ఉన్నట్టు తీసుకుని తరుగుదల లెక్కకట్టారు? అది తరుగుదల లెక్కకు నిజంగా కావలసిన ప్రశ్న. యంత్రం పనికి సిద్ధమైనది మే 25న అని, పద్దుల్లో తరుగుదల ఆ తేదీ నుంచే లెక్కకట్టామని, వేట తిరిగి మొదలయ్యాక ఐసు తయారీ జూన్ 15న మొదలైందని, ట్రయల్ రన్ నివేదిక, జూన్ నెల ఉత్పత్తి రిజిస్టర్ పేజీ ఇందుకు ఆధారమని జవాబు రాసి, ఆ పేజీని 13వ పత్రంగా పంపాము.